పాతికేళ్ల పాటకు ముప్పై పొద్దులు

హనుమకొండ

అక్కయ్య గారికి,

త్యాగరాజ ఆరాధనలో మీరు గొంతు కలపడం మొదలుపెట్టి ఈ ఏటితో 25 ఏళ్లు నిండాయి. శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపేద్దామని మా సేవా బృందంలో కొందరన్నారు. శాలువాలు మీ బీరువాలో ఇప్పటికే చాలా ఉంటాయని నేను అడ్డుపడ్డాను. అభినందనతో పాటు ఒక పని కూడా అప్పగిస్తున్నాం. ఈ ధనుర్మాసం మన గుడిలో తిరుప్పావై మీరే పాడించాలి.

ఎందుకు మీరే అంటే, గోదాదేవి 30 పాశురాలకు అరియకుడి రామానుజ అయ్యంగార్ కూర్చిన రాగాల్లో మొదటి ఐదూ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. త్యాగయ్య పంచరత్నాల వరుస కూడా అదే. పాతికేళ్లుగా ఏటా మీ గొంతులో పలుకుతున్న దారే కాబట్టి మొదటి ఐదు రోజులూ మీకు వెతుకులాట ఉండదు. వరాళి దగ్గర మాత్రం మా జనం జారిపోతారు. ఆ రోజు సంగతులు తగ్గించి, ఒక్కో పాదం మీరు పాడి ఆగితే మేం అందుకుంటాం. పాశురానికి ఎనిమిది పాదాలే కాబట్టి ఆరతి ఆలస్యం కాదు.

శ్రుతి గురించి చనువుగా ఒక మాట. కచేరీలో మీది ఐదు. తెల్లవారుజామున 5 గంటలకు, ఆ చలిలో, అప్పుడే నిద్ర లేచిన మా గొంతులు అంత ఎత్తుకు ఎక్కవు. పైషడ్జం రాగానే ఆడవాళ్లు ఆగిపోతే, మగవాళ్లు కింది స్థాయికి దిగిపోయి ఎవరి దారి వారు పట్టుకుంటారు. నాలుగుకు దించితే అందరం కలిసి వస్తాం. మైకు కూడా తగ్గించే ఉంచుతాం. రాతి మండపంలో శబ్దం పెంచిన కొద్దీ మాట మాటలో కలిసిపోతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అక్షరం తెలియదు.

రోజుల లెక్క ఇంకొకటి. సూర్యుడు ధనూరాశిలో ఉండేది ముప్పై రోజులకు కాస్త తక్కువే. అందుకే కొన్నేళ్లు భోగి నాటికి 29 ఉదయాలే దొరుకుతాయి. అలాంటప్పుడు చివరి రెండు పాశురాలూ ఒకే రోజు పాడుకుంటాం. ఇరవై ఏడో రోజున చక్కెర పొంగలి నివేదన. నెయ్యి మోచేతి దాకా కారాలని ఆ పాశురంలోనే ఉంది కనుక వంటశాలవాళ్లు ఆ ఒక్కరోజు పిసినారితనం చూపరు. పాడిన తర్వాత తినండి, ముందు తింటే గొంతు మందగిస్తుంది!

భోగి నాడు గోదా కల్యాణం అయ్యాక శేషవస్త్రంతో మిమ్మల్ని సత్కరిస్తాం. శాలువా కాదు, మాట నిలబెట్టుకుంటున్నాం.

ఆదివారం సాయంత్రం తెలుగు లిపి పుస్తకంతో, శ్రుతిపెట్టెతో మీ ఇంటికి వస్తాను. వరాళి పాశురం ఒక్కసారి పాడి వినిపించండి, మా వాళ్లు ఎక్కడ జారతారో నేను గుర్తు పెట్టుకుంటాను.

మీ గుడి సేవకుడు