ఎనిమిది అడుగుల నీరు: విశ్వేశ్వరయ్య గారి గేట్ల కథ

సెప్టెంబర్ 15న మన పాఠశాలల్లో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. తలపాగా, కోటుతో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటోకు దండ వేస్తాం. పెద్ద పెద్ద డ్యాములు కట్టించిన మనిషిగా పిల్లలకు ఆయన తెలుసు. ఈ నెల ఆయన చేసిన పనుల్లో ఒకదాన్నే తీసుకుని దగ్గరగా చూద్దాం. అది పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన పెట్టించిన గేట్లు. వాటి వెనుక ఉన్న లెక్క మీ పిల్లల ఎనిమిదో తరగతి పీడనం పాఠంలో మొదలై, ఇంటర్మీడియట్ సమాకలనంలో పూర్తవుతుంది.

విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది మన ప్రకాశం జిల్లా ప్రాంతంలోని మోక్షగుండం. ఇంటిపేరు ఆ ఊరిదే. కుటుంబం మైసూరు సంస్థానానికి వెళ్లి స్థిరపడింది, ఆయన అక్కడి ముద్దెనహళ్లిలో పుట్టారు. చదువుకునే వయసులోనే తండ్రి పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఇంకొకరి పిల్లలకు ట్యూషన్లు చెప్పి రోజులు గడుపుకున్నారు. 1881లో బి.ఏ. అయ్యాక మైసూరు ప్రభుత్వ సాయంతో పుణె వెళ్లి ఇంజనీరింగ్ చదివి, 1883లో మొదటి స్థానంలో నిలిచారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం వచ్చింది.

ఖడక్‌వాస్లా సమస్య మన ఊళ్లలో అందరికీ తెలిసినదే. తరిగొప్పుల, నర్మెట్ట, బచ్చన్నపేట వైపు ఏ చెరువు చూసినా కట్ట ఎత్తుగా ఉంటుంది, మత్తడి దానికంటే కొంత కిందగా ఉంటుంది. చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. కట్టకూ మత్తడికీ మధ్య ఉన్న ఆ కొన్ని అడుగులు వరద కోసం వదిలిన జాగా. ఖడక్‌వాస్లాలోనూ అంతే. వానాకాలంలో నీరు మత్తడి మీదుగా పోయేది, ఎండాకాలంలో పుణె నగరానికీ కాల్వల కింద పొలాలకూ నీరు చాలేది కాదు. డ్యామును ఎత్తు పెంచితే నిల్వ పెరుగుతుంది కానీ అది చాలా ఖర్చుతో కూడిన పని.

విశ్వేశ్వరయ్య గారు డ్యామును ముట్టుకోలేదు. పెద్ద వరద వచ్చినప్పుడు నీరు ఎలాగూ మత్తడి మీద అడుగుల ఎత్తున లేచి నిలుస్తుంది. డ్యాము గోడ అంత నీటిని మోయడానికే కట్టి ఉంది. కాబట్టి మత్తడి మీద గేట్లు నిలబెట్టి, ఆ వరద మట్టం దాకా నీటిని ఎప్పుడూ నిలిపి ఉంచవచ్చు. షరతు ఒక్కటే, నిజమైన వరద వచ్చినప్పుడు ఆ గేట్లు తప్పకుండా తెరుచుకోవాలి. అలా 1903 ప్రాంతంలో పాత మట్టం కంటే ఎనిమిది అడుగుల ఎత్తున నీరు నిలిచింది.

షరతు చెప్పడం తేలికే. నెరవేర్చడం ఎందుకు కష్టమో తెలియాలంటే నీరు గేటును ఎంత బలంతో నెడుతుందో లెక్క కట్టాలి. కాగితం, పెన్సిల్ తీసుకుని ఈ లెక్క మీ పిల్లలతో కలిసి చేయవచ్చు.

ఎనిమిది అడుగులంటే దాదాపు 2.4 మీటర్లు. గేటు వెడల్పు, లెక్క కోసం, 3 మీటర్లు అనుకుందాం. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు ఉంటుంది. అందుకని నీటిలో ఒక మీటరు లోతున ప్రతి చదరపు మీటరు మీద ఒక టన్ను ఒత్తిడి ఉంటుంది, రెండు మీటర్ల లోతున రెండు టన్నులు. చిక్కు ఇక్కడే వస్తుంది. గేటు నిలువుగా ఉంది కాబట్టి దాని పై అంచు దగ్గర లోతు సున్నా, కింది అంచు దగ్గర 2.4 మీటర్లు. మొత్తానికి కలిపి ఏ పీడనం వేయాలి?

గేటును అడ్డంగా ఎనిమిది పట్టీలుగా కోసినట్టు ఊహించండి. ఒక్కో పట్టీ ఎత్తు 0.3 మీటర్లు, అంటే సుమారు ఒక అడుగు. వెడల్పు 3 మీటర్లు కాబట్టి ఒక్కో పట్టీ వైశాల్యం 0.9 చదరపు మీటర్లు. పట్టీ సన్నగా ఉంది కనుక దాని నడిమధ్య లోతునే మొత్తం పట్టీ లోతుగా తీసుకోవచ్చు. మొదటి పట్టీ మధ్య లోతు 0.15 మీటర్లు, దాని మీద బలం 0.9 × 0.15 = 0.135 టన్నులు. రెండో దాని లోతు 0.45, అంటే మొదటిదానికి మూడు రెట్లు. మూడోది ఐదు రెట్లు. ఇలా దిగుతూ పోతే ఎనిమిదో పట్టీ మీద మొదటిదానికి పదిహేను రెట్లు, అంటే 2.025 టన్నులు పడుతుంది.

ఇక కూడాలి. 1 + 3 + 5 + 7 + 9 + 11 + 13 + 15 = 64. దాన్ని 0.135తో గుణిస్తే 8.64 టన్నులు. ఒక్క గేటు మీద, ఎనిమిది అడుగుల నీటికే, ఎనిమిదిన్నర టన్నుల పైన.

మధ్య లోతు తీసుకోవడం ఉజ్జాయింపు కదా అని పిల్లలు అడిగితే, అది మంచి అనుమానం. ప్రతి పట్టీకి పై అంచు లోతు తీసుకుంటే మొత్తం 7.56 టన్నులు వస్తుంది, ఇది అసలు కంటే తక్కువ. కింది అంచు లోతు తీసుకుంటే 9.72, ఇది ఎక్కువ. అసలు విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండి తీరాలి. ఎనిమిదికి బదులు ఎనభై పట్టీలు కోస్తే ఆ తేడా పదో వంతుకు పడిపోతుంది. కోస్తూ పోతే రెండు వైపుల నుంచీ 8.64 దగ్గరికే చేరతాం. 1586లోనే సైమన్ స్టెవిన్ అనే ఇంజనీరు ఈ పద్ధతిలో నిలువు గోడ మీద నీటి బలాన్ని రాబట్టారు, కలనగణితం పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందు. ఇంటర్‌లో వచ్చే సమాకలనం గుర్తు ఈ కోసి కూడడానికి పెట్టిన పొట్టి రాత.

ఆ పట్టీల లెక్కను ఇంకోసారి చూడండి. పై నాలుగు పట్టీల వాటా 1 + 3 + 5 + 7 = 16, కింది నాలుగింటి వాటా 48. అంటే గేటు పైసగం నాలుగో వంతు బలాన్నే మోస్తుంది, కింది సగం మూడు వంతులు మోస్తుంది. అందుకే షట్టర్లకు అడ్డంగా వేసే ఇనుప దూలాలు పైన ఎడంగా, కింద దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈసారి ఏదైనా డ్యాము చూడ్డానికి వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. ఇంకో సంగతి, ఈ లెక్కలో చెరువు ఎంత దూరం పరుచుకుందో ఎక్కడా రాలేదు. గేటు వెనుక నీరు పది కిలోమీటర్లు ఉన్నా, పది అడుగులే ఉన్నా, లోతు ఒకటే అయితే నిలిచిన నీటి బలం ఒకటే. పెద్దవాళ్లం కూడా దీన్ని ఒక పట్టాన నమ్మం.

ఇప్పుడు షరతు దగ్గరికి వద్దాం. ఆ 8.64 టన్నులు గేటును పక్కనున్న గాడులకు అదిమి పెడతాయి. రాపిడి అందులో మూడో వంతు అనుకున్నా, గేటు సొంత బరువు కాక ఇంకో 2.9 టన్నుల లాగుడు కావాలి. పైగా నీరు నిండుగా ఉన్నప్పుడే, అంటే తెరవాల్సిన అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే, గేటు ఎక్కువగా బిగుసుకుంటుంది. అర్ధరాత్రి వానలో మనుషులు వెళ్లి ఒక్కో గేటును ఎత్తడం నమ్మదగ్గ ఏర్పాటు కాదు. విశ్వేశ్వరయ్య గారి గేట్లకు ఎదురు బరువులు కట్టి ఉండేవి. నీరు నిర్ణీత మట్టం దాటగానే దానంతటదే పక్కనున్న తొట్టిలోకి పారి, తూకాన్ని మార్చి, గేట్లను తెరిచేది. మట్టం తగ్గి తొట్టి ఖాళీ అయితే గేట్లు మూసుకునేవి. ఈ ఏర్పాటుకు ఆయన పేటెంటు తీసుకున్నారు, కానీ ఉద్యోగంలో ఉండగా చేసిన పని కనుక రాయల్టీ తీసుకోలేదు.

1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. వేల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్య గారు వచ్చి, నగరానికి ఎగువన ఉన్న నదీ ప్రాంతమంతా పరిశీలించారు. అక్కడ 788 చెరువులు ఉంటే, ఆ వానకు 221 తెగాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది.

గొలుసు చెరువులున్న మన జిల్లాకు ఇది పాత కథ కాదు. ఇంకొంచెం నీరు నిలవాలని మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చడం, దాని మీద పై ఊరికీ కింది ఊరికీ తగువులు కావడం మనకు తెలిసిందే. కట్ట దగ్గర లోతు 3 మీటర్లు ఉంటే, ఒక మీటరు పొడవు మీద నీటి బలం నాలుగున్నర టన్నులు. లోతు 4 మీటర్లయితే ఎనిమిది టన్నులు. లోతు మూడో వంతు పెరిగితే బలం ముప్పావు వంతుకు పైగా పెరిగింది, ఎందుకంటే బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ బలం అడుగు నుంచి మూడో వంతు ఎత్తున పనిచేస్తుంది. కాబట్టి రాతిగోడను బోర్లా తోసే శక్తి 4.5 నుంచి 10.7కు, అంటే రెట్టింపుకు పైగా పోతుంది. అయితే మట్టికట్టలు ఎక్కువగా ఈ తోపుడు వల్ల తెగవు. నీరు కట్ట మీది నుంచి పొర్లి కోసుకుపోవడం వల్లనో, తూము పక్కన సన్నగా ఊట మొదలై పెద్దదవడం వల్లనో తెగుతాయి. ఊట నీరు తేటగా వస్తే కనిపెట్టుకుని ఉండవచ్చు. మట్టిరంగులో వస్తే లోపల కట్ట కరుగుతోందని అర్థం. బస్తాలు పేర్చడం ఈ రెండు ప్రమాదాలనూ పెంచుతుంది. ఖడక్‌వాస్లా గేట్లకూ ఈ బస్తాలకూ తేడా అదే, బస్తాలు వరద వస్తే తెరుచుకోవు.

ఈ లెక్కకు అందనిది కూడా ఒకటుంది. విశ్వేశ్వరయ్య గారి తరహా గేట్లు గ్వాలియర్ సంస్థానంలోని తిగ్రా డ్యాముకూ పెట్టారు. 1917 ఆగస్టులో ఆ డ్యాము కూలింది. నీరు పునాది కింది ఇసుకరాతిలోకి చొరబడింది. నిలువు గోడను ఎన్ని పట్టీలుగా కోసినా, గోడ అడుగున చేరి పైకి ఎత్తే నీరు ఆ లెక్కలోకి రాదు. దానికి వేరే లెక్క ఉంది.

హైదరాబాద్‌కు ఆయన చేసిన సూచన, నగరానికి పైన మూసీ మీద, ఈసీ మీద వరదను ఆపే జలాశయాలు కట్టాలని. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటికి ఆయన మైసూరు దివాను పదవి కూడా చేసి దిగిపోయారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, వందేళ్లు దాటాక, కన్నుమూశారు.

వానాకాలంలో హిమాయత్‌సాగర్ గేట్లను ఒక అడుగు మేర ఎత్తారని పేపర్లో వస్తుంది. ఒక్క అడుగేనా అనిపిస్తుంది. గేటు కింది నుంచి లేస్తుంది కాబట్టి తెరుచుకునేది అట్టడుగు పట్టీ దగ్గర. మన లెక్కలో పై పట్టీకి పదిహేను రెట్లు బలం పడింది అక్కడే.