దసరా పొద్దుటి ద్విపద

విజయదశమి నాడు పొద్దున్నే తలంటి పోసుకుని, కొత్త బట్టలు కట్టుకుని, తమలపాకుల్లో పండూ వక్కా దక్షిణా పెట్టుకుని పిల్లవాడు అయ్యవారి ఇంటికి వెళ్ళేవాడు. తాంబూలం ఇచ్చి దండం పెట్టి, చేతులు కట్టుకుని రెండు పాదాల పద్యం అప్పజెప్పేవాడు. మా ఊళ్ళో ఆ పద్యం ఇప్పుడు లేదు. చెప్పే పిల్లలు లేరు, కట్టి ఇచ్చే పెద్దలూ లేరు. దానికి నాలుగు మాటలు రాసి సాగనంపాలని ఈ ప్రయత్నం.

దసరా పద్యాలనగానే చాలామందికి గుర్తొచ్చేది ఊరేగింపు. పిల్లలు రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, గిలకలు పట్టుకుని, బుక్కా చల్లుకుంటూ, అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరగడం, ఇంటివాళ్ళు ఆయనకు మామూలూ పిల్లలకు పప్పుబెల్లాలూ ఇవ్వడం. ఆ పాటలు గృహస్థులను ఉద్దేశించినవి. వాటిని తలుచుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, పుస్తకాల్లోనూ దొరుకుతాయి. నేను చెబుతున్నది ఊరేగింపు కదలక ముందు, పిల్లవాడు ఒక్కడే అయ్యవారి ఎదుట నిలబడి ఆయనకే చెప్పుకున్న రెండు పాదాల గురించి. దాన్ని ఎవరూ అచ్చు వెయ్యలేదు. ఆ పొద్దుటికి పుట్టి ఆ పొద్దుటికే చెల్లిపోయేది.

మా తాతయ్య నాకు కట్టి నేర్పినది ఇది:

పండుగ పొద్దున పాదాలు మొక్కి
నిండు దీవెన కోరి నిలిచితి నయ్య

చూడ్డానికి సాదా మాటలే. కానీ ఏడేళ్ళ పిల్లవాడి నోట తడబడకుండా నిలవడానికి ఇందులో ఎంత పనితనం ఉందో పెద్దయ్యాక గానీ తెలియదు. ఇది ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. అంటే మూడు పెద్ద అడుగులు, ఆగడానికి ఒక చిన్న అడుగు. పండుగ, పొద్దున, పాదాలు అని మూడు అడుగులు పడ్డాక ‘మొక్కి’ దగ్గర పిల్లవాడి ఊపిరి తనంతట తనే ఆగుతుంది. మూడో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి. ఇక్కడ ‘పం’కి ‘పా’ కుదిరింది, కింద ‘ని’కి ‘ని’. జ్ఞాపకం జారేది సాధారణంగా సగం దాటాకనే. అక్కడ మొదటి అక్షరమే మళ్ళీ తగిలి దారి చూపిస్తుంది. రెండో పాదం ఎలా మొదలవ్వాలో ప్రాస చెబుతుంది. ‘పండుగ’లో రెండో అక్షరం సున్నతో కూడిన డకారం, ‘నిండు’లోనూ అదే. పాదం చివర కలిసే అంత్యప్రాస చెవికి ఇంపుగా ఉంటుంది, నిజమే. కానీ పాదమంతా గుర్తుంటే తప్ప అక్కడిదాకా చేరలేం. మన ప్రాస పాదం మొదట్లోనే ఉండి పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

మాట మార్చితే ఏమవుతుందో నాకు అప్పుడే తెలిసింది. రెండో పాదం పాతకాలపు మాటల్లా ఉందని పక్కింటి పిల్లవాడు దాన్ని ‘మంచి దీవెన కోరి మీ ముందు నిలిచా’ అని మార్చుకున్నాడు. అర్థంలో లోపం లేదు. కానీ చెప్పేటప్పుడు ప్రతిసారీ చివర తొట్రుపడేవాడు. తాతయ్య కోప్పడలేదు, వేళ్ళ మీద లెక్కవేసి చూపించాడు. ‘నిలిచా’లో రెండు లఘువుల తర్వాత గురువు వచ్చింది. అక్కడ ఉండాల్సింది మూడు లఘువులైనా కావాలి, గురువు తర్వాత లఘువైనా కావాలి. ఆగాల్సిన చోట అడుగు సాగిపోయింది. ‘మం’కీ ‘మీ’కీ హల్లు ఒకటే అయినా అచ్చులకు పొత్తు లేదు గనక యతి పోయింది. ‘పండుగ’కు ‘మంచి’ ప్రాస కాదు. ఒక్క పాదంలో మూడు ఆసరాలూ ఊడిపోయాయి. పిల్లవాడికి ఈ పేర్లేవీ తెలియవు, నాలుక తడబడిందని మాత్రమే తెలుసు. తప్పు పట్టుకోవడానికి అది చాలు.

ఆ పద్యంలో నాకు అన్నిటికన్నా నచ్చేది చివరి మాట. బడికి ఆడ టీచరు వచ్చిన ఏడు తాతయ్య ‘నయ్య’ తీసేసి ‘నమ్మ’ పెట్టాడు. గురువు, లఘువు, తూకం అంతే. పద్యంలో ఇంకేదీ కదలలేదు. ఎదుట ఉన్న మనిషిని బట్టి మారడానికి వీలైన చోటు దానికి ఉండేది. అచ్చేసిన శుభాకాంక్షల కార్డుకు అది లేదు, ఫోనులో ఒకరి నుంచి ఒకరికి పోయే పూల బొమ్మకు అంతకన్నా లేదు.

ఎందుకు పోయిందో ఆలోచిస్తే ఒకరిని తప్పుపట్టేలా లేదు. వీధిబడి అయ్యవారు పిల్లల ఇళ్ళవాళ్ళు ఇచ్చేదాని మీద బతికేవాడు. దసరా మామూలు ఆయన ఏడాది రాబడిలో భాగం. టీచర్లకు జీతాలు వచ్చాక ఇల్లిల్లూ తిరగాల్సిన అవసరం తీరిపోయింది. అది మంచిదే, ఆ తిరగడంలో ఉన్న దైన్యం మళ్ళీ రాకూడదు. కాకపోతే దక్షిణ తాంబూలంతో పాటు, డబ్బుతో సంబంధం లేని పద్యం కూడా వెళ్ళిపోయింది. దసరాకు బడులకు సెలవులు. టీచరు చాలాచోట్ల పక్క పట్నంలో ఉండి వచ్చిపోయే మనిషి. విజయదశమి పొద్దున పిల్లవాడూ టీచరూ ఒకే ఊళ్ళో ఉండరు. 1962 నుంచి సెప్టెంబరు 5న గురుపూజోత్సవం వచ్చింది, దండం పెట్టే రోజు బడి పనిదినానికి మారింది. ఛందస్సు హైస్కూలు పాఠమైంది. గణవిభజన చేసి మార్కులు తెచ్చుకునే పిల్లలున్నారు గానీ, ఆ లెక్కతో ఒక్క పాదం కట్టమని వాళ్ళను అడిగేవాళ్ళు తక్కువ.

నిజానికి ద్విపద అంత కష్టమైనది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాసింది పదిమందీ పాడుకోవాలనే. ప్రాస కూడా కష్టమనుకుంటే దాన్ని వదిలేసే మంజరీ ద్విపద ఉంది. తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం చెప్పింది అందులోనే. మా చెల్లెలు ప్రాసతో కుస్తీ పట్టలేక ఒక సంక్రాంతికి మంజరి పట్టుకుని తనే కట్టుకుంది, తాతయ్య చెయ్యి పడకుండా:

సంక్రాంతి పండుగ సారు, మా యింటి
బొమ్మల కొలువుకు పోదాము రండి

‘బొ’కి ‘పో’ యతి చెల్లుతుందా అని నేను తగువు పెట్టుకున్నాను. పకార బకారాలు ఒకే వర్గం, చెల్లుతుందని తాతయ్య తీర్పు చెప్పాడు. దండం లేదు, దీవెన అడగడం లేదు, సారును ఇంటికి పిలవడమే ఉంది. సారు చెప్పులేసుకుని ఆ పళంగా బయల్దేరి వచ్చారు. అమ్మ పెట్టిన శనగలు తింటూ, ఆ రెండు పాదాలూ దానిచేత మళ్ళీ చెప్పించుకున్నారు.