కుంకుమ బొట్టు పెట్టిన గిలక

మొన్న ఆదివారం మా బాల్కనీ పైకప్పు నుంచి ఇనుప గిలకను దించేశాం. పెదవాల్తేరులో ఈ ఇంటికి వచ్చినప్పుడు బిగించింది. పదకొండేళ్ల పాటు పిల్లల యూనిఫాంలు, అమ్మ చీరలు, దుప్పట్లు అన్నీ మోసింది. చేతిలోకి తీసుకుంటే ఇంత చిన్నదా అనిపించింది.

మొదట ఇబ్బంది పెట్టింది తాడే. తడిస్తే నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి దండెం ఓ పక్కకు వాలేది, ముడి బిగించేవాళ్లం. తర్వాత ఒకే చోట పీచు లేవడం మొదలైంది. రోజూ దండేన్ని ఒకే ఎత్తున కట్టేస్తాం, గిలక మీద కూర్చునేదీ రోజూ అదే జానెడు తాడు. తాడు పాతదైందనుకుని కొత్తది తెచ్చాను. పాతది 5 మిల్లీమీటర్లు, నేను తెచ్చింది 3. సన్నతాడు గాడి తప్పి, చక్రానికీ పక్క రేకుకీ మధ్య సందులో దూరి బిగుసుకుపోయింది. ఆ తప్పు నాది, గిలకది కాదు.

మళ్లీ లావు తాడే వేశాం. అయినా లాగితే చేతులు నొప్పి. పైగా తాడు వదిలితే ఖాళీ దండెం కూడా తనంతట తాను దిగేది కాదు. అమ్మ స్టూలు వేయించి, చక్రం అంచున కుంకుమ బొట్టు పెట్టించి, "ఇప్పుడు లాగు నాన్నా" అంది. తాడు జరిగింది, బొట్టు కదల్లేదు. బావి గిలకలతో పెరిగిన మనిషి కదా!

పైకప్పు గిలక బరువును తగ్గించదు, లాగే దిశనే మారుస్తుంది. చక్రం తిరిగితే ఐదు కిలోల తడిబట్టలకు ఐదు కిలోల పైన కాస్త బలం చాలు. తిరగకపోతే తాడు ఇనుమును రాసుకుంటూ పోవాలి, దాదాపు రెట్టింపు బలం కావాలి. తాడును తినేసిందీ ఆ రాపిడే. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి ఇరుసు చుట్టూ ఉన్న సన్నని సందు నిండిపోయి, చక్రం ఇరుసుకు అతుక్కుపోయింది. కిర్రుమన్న తొలిరోజుల్లోనే రెండు చుక్కల నూనె వేసి ఉంటే ఇంకొన్నేళ్లు తిరిగేదేమో. ఆ చప్పుడు విని కూడా పట్టించుకోలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

కొత్త గిలకకు చక్రం, ఇరుసు, రేకు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే అడిగి తెచ్చాను. చక్రం ఒక్కటే మంచిదై ఇరుసు ఇనుముదైతే మళ్లీ ఇదే కథ. పాత స్క్రూలు ప్లగ్గుతో సహా ఊడొచ్చాయి, రంధ్రం పెద్దది చేసి కొత్త ప్లగ్గు వేయాల్సొచ్చింది. ఈసారి అంతగా సాగని పాలిస్టర్ తాడు, గాడికి సరిపడా 5 మిల్లీమీటర్లది.

పాత గిలకను పాత ఇనుము వాడికి ఇవ్వలేకపోయాను. బాల్కనీ కిటికీ గట్టు మీద ఉంది, అంచున ఆ బొట్టు ఇంకా చెరగలేదు.